దుమ్ములో పోయిన బంతి

శుభ్రమ్మ అసలు పేరు శుభ్రమ్మ కాదు. ఆ పేరు పెట్టింది ఆమె మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఆయన దుకాణంలో చేరిన మొదటిరోజు ఆమె కుర్చీ తుడిచి, తుడిచిన గుడ్డ దులిపి, దులిపిన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేసరికి మావయ్య టీ తాగడం కూడా అయిపోయింది. "ఇదిగో శుభ్రమ్మా, ఇక పని మొదలుపెడదామా తల్లీ?" అన్నాడాయన. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తరువాత ఆ కోపాన్ని కూడా దులిపేసుకుంది.

ఇంట్లో ఆమె ధాటికి ఏ వస్తువూ కుదురుగా ఉండలేదు. ఒక చోట నాలుగు రోజులు కదలకుండా పడి ఉన్నదేదైనా సరే, అది ఆమె దృష్టిలో చెత్తే. పాత గొడుగు, ఒంటి చెప్పు, కాలం చెల్లిన క్యాలెండరు, అన్నీ ఒక్కొక్కటిగా మాయమయ్యేవి. ఆమె భర్త మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు మధ్యమధ్య కాలు కదుపుతూ ఉంటాడు. ఎందుకంటే, "కదలకపోతే నన్నూ పారేస్తుంది" అంటాడు.

విచిత్రం ఏమిటంటే, దుకాణంలో ఆమె పని దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ నిలకడగా ఉన్నదాన్ని ఉంచాలి, ఒక్క క్షణం కనబడి పోయేదాన్ని పారెయ్యాలి.

దుకాణం తాళాలు బాగుచేసే కొట్టు పైఅంతస్తులో ఉంది. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. ముందుగది మావయ్యది. పెళ్లి ఫొటోలు తీసి తీసి విసుగొచ్చి, అప్పు చేయకుండా ఎలాగో ఒక స్కానరు సంపాదించి, జనం అటకల మీద నిద్రపోతున్న పాత సినిమా రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు ఆయన. రీలును మెత్తటి గుడ్డతో తుడవడం, తెగిన చోట అతికించడం, స్కానరుకు ఎక్కించడం ఆయన వంతు. నల్ల తెరలు కట్టిన లోపలిగది శుభ్రమ్మది. గుడ్డకు లొంగని దుమ్మును అక్కడ ఆమె కంప్యూటర్‌తో తీస్తుంది.

ఆ పని ఆమె ఎవరికైనా ఇలా చెబుతుంది. సినిమా రీలంటే వరుసగా పేర్చిన ఫొటోలే. దుమ్ము కణం ఒక ఫొటో మీద పడుతుంది. దాని ముందు ఫొటోలో ఆ చోట అది ఉండదు, తరువాతి ఫొటోలోనూ ఉండదు. మనిషి అలా కాదు. ముందు ఫొటోలో ఉంటాడు, తరువాతిదాంట్లో కాస్త జరిగి ఉంటాడు, కానీ ఉంటాడు. సాఫ్ట్‌వేరు మూడేసి ఫొటోలు తీసుకుని, మనుషులు ఎటు జరిగారో అంచనా వేసి, ఒకదానిమీద ఒకటి సరిపోయేలా పెట్టి చూస్తుంది. మధ్య ఫొటోలో మాత్రమే ఉండి, ముందూ వెనకా లేనిది ఏదైనా కనబడితే చెత్త అని తీర్మానించి తీసేస్తుంది. ఖాళీ అయిన ఆ చుక్కంత చోటును పక్క ఫొటోల్లోని ముక్కతో పూడుస్తుంది. "నిన్నా లేదు, రేపూ ఉండదు, ఇవాళ వచ్చి కూర్చుంది. చుట్టం కాదది, చెత్త" అని ముగిస్తుంది శుభ్రమ్మ.

గీతలు ఇంకో రకం. ప్రొజెక్టరులో రీలు నడుస్తున్నప్పుడు పడిన నిలువుగీత ప్రతి ఫొటోలోనూ అదే చోట ఉంటుంది. దాంతో సాఫ్ట్‌వేరు దాన్ని స్తంభమో, తలుపు చట్రమో అనుకుని గౌరవంగా వదిలేస్తుంది. కెమెరా లోపల ఇరుక్కున్న వెంట్రుక కూడా అంతే, ఫొటో అంచున వణుకుతూ చివరిదాకా కాపురముంటుంది. అలాంటి వాటికి వేరే పనిముట్టు కావాలి. గీతకు అటూ ఇటూ ఉన్న రంగును దాని మీదకు లాగాలి. వెంట్రుకనైతే ఒక్కో ఫొటోలో చేత్తోనే చెరపాలి. శుభ్రమ్మకు ఆ పని అంటే ప్రాణం. అన్నం తినమని పిలిచినా, "ఈ ఒక్క వెంట్రుక" అంటుంది. ఆ వెంట్రుకకు ఎప్పుడూ ఇంకో చెల్లెలు ఉంటుంది.

ఇక ఆమె పుట్టింటి గొడవ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథే లేదు.

శుభ్రమ్మ అమ్మా, అత్తయ్యా పెళ్లిళ్లకు ముందు ఒకే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు. పక్కపక్క కుర్చీలు, ఒకే టిఫిన్ డబ్బా, "ఒసేయ్" అంటే "ఒసేయ్". ఎక్స్ఛేంజి ఆటలపోటీల్లో టేబుల్ టెన్నిస్ ఫైనల్‌కు ఆ ఇద్దరే వచ్చారు. అత్తయ్య తమ్ముడు అరువు తెచ్చిన కెమెరాతో అక్క ఆటను తీయడానికి వచ్చి, ఎదుటి పిల్లను చూసి పెళ్లికొడుకై తిరిగి వెళ్లాడు. ఆయనే శుభ్రమ్మ నాన్న.

ఆఖరి పాయింటు దగ్గర అత్తయ్య కొట్టిన బంతి అమ్మ వైపు బల్ల అంచుకు తగిలి పక్కకు పోయింది. ఇది అత్తయ్య మాట. తగలనే లేదు, గాలిలోనే బయటికి పోయింది. ఇది అమ్మ మాట. అంచుకు తగిలితే పాయింటు కొట్టినవాళ్లదే కాబట్టి, అంపైరుగా ఉన్న సూపర్‌వైజరు తగిలిందని అత్తయ్యకే ఇచ్చాడు. ఆయన కళ్లద్దాలు సీసా అడుగంత మందం అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కప్పు అత్తయ్యకు పోయింది. ఏడాది తిరక్కుండా అమ్మ ఆ ఇంటి కోడలైంది. తమ్ముడి భార్య కాబట్టి "ఒసేయ్" పోయి "వదినా, మీరు" వచ్చింది. "కప్పూ పోయింది, 'నువ్వు' అనే హక్కూ పోయింది" అని అమ్మ శుభ్రమ్మతో ఒకటి రెండుసార్లు అంది.

అప్పటినుంచి నలభై ఏళ్ల పైచిలుకు ఆ బంతి ఆ ఇంట్లో దొర్లుతూనే ఉంది. భోజనాల దగ్గర అత్తయ్య, "ఆ ఉప్పు ఇలా అందుకో. బల్ల అంచున ఉంది, నీకు కనబడుతుందో లేదో" అంటుంది. "లేనిది కనబడే కళ్లు మీవి వదినా, మీరే తీసుకోండి" అంటుంది అమ్మ. పిల్లలు నవ్వుతారు. నాన్న మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు. కెమెరా పట్టుకున్నది నువ్వే కదా చెప్పమంటే, "స్నేహితుడి ప్రొజెక్టరు పాడైపోయింది కదా, ఆ రీలు ఎక్కడుందో ఏమో" అని నీళ్లు నములుతాడు. భార్యకూ అక్కకూ మధ్య అన్నేళ్లు గోడమీద కూర్చున్న మనిషికి ఆ గోడే సొంతిల్లయిపోయింది.

అమ్మ నవ్వుతూనే అంటుంది కానీ, ఒకసారి బట్టలు మడతపెడుతూ శుభ్రమ్మతో ఒక మాట చెప్పింది. "ఆరోజు నేను ఆడిన ఆట మళ్లీ ఎప్పుడూ ఆడలేదే. కానీ ఎవరినైనా అడుగు, ఓడిపోయిందని చెబుతారు. ఆడిందని ఎవరూ చెప్పరు." ఆ బంతి తగల్లేదని ఎవరో ఒకరు ఒప్పుకుంటే చాలు అన్నట్టు ఆమె ఆ చీరను మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఆ రీలు పుట్టింటి అటక మీదే దొరికింది. శుభ్రమ్మ అక్కడికి వెళ్లినా ఊరుకోదు కదా. పాత పరుపుల వెనక, బూట్లపెట్టెలో, గుడ్డలో చుట్టి, ఆ గుడ్డకు దారం కట్టి ఉంది. పోయిన వస్తువును అంత పదిలంగా ఎవరు చుట్టారా అని ఆమె ఆ క్షణాన అనుకోలేదు. పెట్టె మీద నాన్న చేతిరాతతో "ఫైనల్" అని కనబడగానే కిందకు దూకినంత పని చేసింది.

అమ్మ కళ్లు మెరిశాయి. "తెలుస్తుందిప్పుడు" అంది. అత్తయ్యకు ఫోను వెళ్లింది. "తెలియనీ, నాకేం భయం?" అంది అత్తయ్య. వచ్చే ఆదివారం అందరూ భోజనానికి వచ్చి, టీవీలో చూసి తేల్చుకోవాలని పెద్దవాళ్లిద్దరూ సంధి చేసుకున్నారు. నాన్న ఒక్కడే చొక్కా తగిలించుకుని ఎటో వెళ్లొచ్చి, సాయంత్రం శుభ్రమ్మను వరండాలోకి పిలిచాడు.

"చాలా దుమ్ము పట్టి ఉంటుందమ్మా. గట్టిగా శుభ్రం చెయ్యి. తెల్లచుక్క గానీ నల్లచుక్క గానీ ఒక్కటి మిగలకూడదు. మీ అత్తయ్య వంకలు పెడుతుంది."

నాన్న తన పనిని మెచ్చుకుని ఏదైనా అడగడం శుభ్రమ్మకు అదే మొదటిసారి. ఆమె పొంగిపోయింది.

రీలు నిజంగానే దారుణంగా ఉంది. మావయ్య గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. స్కాన్ చేశాక తెర మీద చూస్తే హాలులో ఆట జరుగుతోందో, ఆటలో ఇసుకతుపాను జరుగుతోందో తెలియలేదు. నల్లచుక్కలన్నీ రీలు మీది దుమ్ము. తెల్లచుక్కలు రంగుపూత పెచ్చు లేచిన చోట్లు. ఇలాంటి రీళ్లకు మామూలుగా నల్లవాటిని మాత్రమే యంత్రానికి అప్పగించి, తెల్లవాటిని తానే చూసుకునేది శుభ్రమ్మ. ఈసారి ఆదివారం తరుముకొస్తోంది, నాన్న మాట చెవిలో మోగుతోంది. నలుపూ తెలుపూ రెండింటికీ టిక్కు పెట్టి, చుక్కల్ని ఎంత గట్టిగా ఏరాలో చెప్పే పట్టును చివరిదాకా పెంచేసింది.

అలాగని కళ్లు మూసుకుని చెయ్యలేదు. దృశ్యం మారిన ప్రతిచోటా ముందే గుర్తు పెట్టింది. లేకపోతే సాఫ్ట్‌వేరు పాత దృశ్యంలోని ముక్కను తెచ్చి కొత్తదానికి అతుకు వేస్తుంది. విసురుగా ఊగే బ్యాట్లను యంత్రం దుమ్మనుకుని కొరికేస్తుందని తెలుసు కాబట్టి, ఆ బ్యాట్ల చుట్టూ, చేతుల చుట్టూ గీత గీసి, ఇక్కడ ముట్టుకోవద్దని హద్దు పెట్టింది. నిలువుగీతలు పూడ్చింది. అంచున ఉన్న వెంట్రుకను ఫొటో తరువాత ఫొటోలో చెరిపింది. ఆఖరున ఒక్కో ఫొటోనూ ఆపి, ఎక్కడైనా చుక్క మిగిలిందా అని కళ్లలో ఒత్తులు వేసుకుని వెతికింది. ఎక్కడా మిగలలేదు. అద్దంలా ఉంది. ఆమెకు తన మీద తనకే ముచ్చటేసింది.

ఏది మిగిలిందో వెతికింది గానీ, ఏది పోయిందో వెతకలేదు.

ఆదివారం భోజనాలయ్యాయి. టీవీ ముందు కుర్చీలు వేశారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. అత్తయ్య కప్పును చేతిసంచీలో పెట్టుకుని వచ్చింది. సాక్ష్యానికట.

తెర మీద హాలు వెలిగింది. కిటికీల్లోంచి ఎండ, ఆకుపచ్చ బల్ల, గోడ పొడుగునా బెంచీల మీద జనం. బల్లకు అటు పక్క సన్నటి జడతో అత్తయ్య, ఇటు పక్క నడుముకు పైట బిగించి అమ్మ. "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో!" అంది అమ్మ. శుభ్రమ్మ తల వంచి వినయంగా నవ్వింది.

అత్తయ్య చెయ్యి విసిరింది. అమ్మ చెయ్యి విసిరింది. అత్తయ్య వంగింది. అమ్మ పక్కకు దూకింది. జనం తలలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. 

"బంతి ఏదే?" అంది అత్తయ్య.

బంతి లేదు. ఇద్దరు ఆడపిల్లలు, చక్కగా బ్యాట్లు పట్టుకుని, పూనకం వచ్చినట్టు గాలితో పోట్లాడుతున్నారు. బెంచీల మీది జనం ఏమీ లేనిదానికి చప్పట్లు కొడుతున్నారు. చిన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత ఆగలేదు. శుభ్రమ్మ భర్త నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. "దోమల్ని కొడుతున్నట్టున్నారు పాపం" అన్నాడు. అత్తయ్యకూ నవ్వొచ్చింది. "నేను గాలిని కొట్టి కప్పు గెలిచానన్నమాట" అని సంచీలో ఉన్న కప్పును తట్టింది.

అమ్మ నవ్వలేదు. ఆఖరున తెర మీది పిల్ల ఏమీ లేని బల్ల అంచు వైపు చెయ్యి చాచి ఆగిపోవడం చూసి లేచింది. "టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్లింది. టీ మాత్రం చాలాసేపు రాలేదు. ఇన్నేళ్లు ఆ పనిలో ఉండి, శుభ్రమ్మ బ్యాట్లకు కాపలా పెట్టి బంతిని దొంగకు అప్పగించింది. తన అమ్మ బంతిని.

"పోనీలే అమ్మా, చూడటానికి బాగుంది" అన్నాడు నాన్న. ఆయన ముఖంలో ఎక్కడా ఆశ్చర్యం లేదు. ఆ సంగతి శుభ్రమ్మకు దారిలో గుర్తొచ్చింది.

మరునాడు దుకాణంలో విషయం చెప్పగానే మావయ్య ముక్కున వేలేసుకోలేదు, నోరు వెళ్లబెట్టలేదు. "వానలాగే అయింది" అన్నాడు. ఒకసారి ఎవరిదో వానలో విహారయాత్ర రీలు వచ్చింది. శుభ్రం చేస్తే వానచినుకులన్నీ చెత్తలో పోయాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటిల్లిపాదీ గొడుగులేసుకుని పరుగెడుతున్నట్టు తయారైంది. "ఆ సంగతి మీ నాన్నకు చెప్పి ఎంత నవ్వుకున్నామో! మొన్న రీలు దొరికిన రోజు మధ్యాహ్నం కూడా వచ్చాడుగా బావ. వాన పోయింది సరే, చిన్న బంతి లాంటిదైతే కూడా పోతుందా అని అడిగాడు. వేగంగా పోయేదైతే పోతుంది బావా, గట్టిగా పెడితే నామరూపాల్లేకుండా పోతుంది అన్నాను."

అంటూ అంటూనే మావయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మేనకోడలు కూడా ఆయన్నే చూస్తోంది.

నాన్నను ఫోనులో నిలదీసింది శుభ్రమ్మ. ఆయన తేలు కుట్టిన దొంగలా నసిగి, ఆ తరువాత అంతా చెప్పాడు. అప్పట్లో రీలును స్టూడియోలో కడిగించి తెచ్చిన వారంలోనే స్నేహితుడి ఇంట్లో ప్రొజెక్టరు మీద ఒక్కడే చూశాడట. బంతి తగిలింది. స్పష్టంగా తగిలింది. అప్పటికి పెళ్లిమాటలు నడుస్తున్నాయి. "చూపిస్తే మీ అమ్మ పెళ్లికి ముందే నామీద అలిగేది. దాచితే మా అక్క ఎలాగూ గెలిచిందనే అనుకుంటుంది, మీ అమ్మ ఓడలేదనే అనుకుంటుంది. ఇద్దరూ గెలిచిన ఇల్లమ్మా మనది. ఎంత హాయిగా గడిచిపోయిందో చూడు."

"నాకు చెబితే సరిపోయేదిగా నాన్నా?"

"నీకు చెబితే నువ్వు దాచగలవా? నీ ముఖం అద్దం. తుడిచిన అద్దం."

కోపగించుకుందామనుకుంది కానీ శుభ్రమ్మకు చేతకాలేదు. ఫోను పెట్టేసి తెర ముందు కూర్చుంది. బంతి ఎక్కడికి పోతుంది? చెత్తబుట్టలోనే ఉంటుంది. తీసేసిన ప్రతి చుక్కనూ సాఫ్ట్‌వేరు వేరే పొరగా దాచుకుంటుంది, అవసరమైతే వెనక్కి పెట్టుకోవడానికి. ఇన్నేళ్లలో శుభ్రమ్మ ఆ పొరను తెరిచి చూసిందే లేదు. ఊడ్చి పారేసిన చెత్తను ఎవరైనా మళ్లీ విప్పి చూసుకుంటారా?

తెరిచింది. బూడిదరంగు తెర. దాని మీద హాలు లేదు, బల్ల లేదు, మనుషులు లేరు. చుక్కలు, నలుసులు, వెంట్రుకల ముక్కలు. ఆపి చూస్తే వట్టి చెత్త. నడిపించింది. చుక్కలు ఎక్కడబడితే అక్కడ పుట్టి, అక్కడే చచ్చిపోతున్నాయి. వాటి మధ్యలో ఒక చిన్న తెల్లగీత మాత్రం ఎడమనుంచి కుడికి పోయింది. కుడినుంచి ఎడమకు వచ్చింది. మళ్లీ కుడికి. ఏ రెండు ఫొటోల్లోనూ ఒక చోట లేదు, అందుకే యంత్రానికి చుట్టం కాలేకపోయింది. కానీ ఆ చోట్లన్నీ ఒక దారిలో ఉన్నాయి. శుభ్రమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. 

ఆ గీతను వెంబడిస్తూ ఆఖరి పాయింటుకు వచ్చింది. ఫొటో తరువాత ఫొటో. గీత బల్ల మూల ఉండవలసిన చోటికి దిగుతోంది. ఒక ఫొటోలో మొన వంగి ఉంది. ఆ తరువాతి ఫొటోలో గీత పైకి లేచి, పక్కకు తిరిగి పోతోంది. తగలకపోతే అదే దారిలో కిందికి పోవాలి. బల్ల పక్కచెక్కకు తగిలినా కిందికే పడాలి. పైకి లేచిందంటే అంచుకే తగిలింది. ఒంపు దగ్గర ఉన్నది పూత లేచిన పెచ్చేమోనని పెద్దది చేసి మరీ చూసింది. పెచ్చుకు అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. ఇది పరుగులో ఉన్న బంతి, మసకగా సాగి ఉంది. అనుమానం లేదు. నాన్న చెప్పింది నిజమే.

ఇప్పుడేం చెయ్యాలి? బంతిని వెనక్కి పెడితే అమ్మ అందరి ముందూ ఓడిపోతుంది. పెట్టకపోతే ఆ టీవీ ముందు నుంచి లేచి వెళ్లిన అమ్మ అలాగే ఉండిపోతుంది. నాన్నలా దాచగలదా తను? అద్దం కదా. ఎటూ తోచక అమ్మనే రమ్మంది.

అమ్మ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పమిట చెంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలిగదిలోకి వచ్చింది. శుభ్రమ్మ తన కుర్చీ ఇచ్చి నిలబడింది. నాన్న చేసిన పని చెప్పింది. అమ్మ, "ఈ మనిషి!" అని ఊరుకుంది. ఆ మాటలో కోపం ఎంతో, మురిపెం ఎంతో శుభ్రమ్మకు తెలియలేదు. తరువాత ఆఖరి ఫొటోలను ఒక్కొక్కటిగా వేసి చూపించింది.

అమ్మ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగింది. "ఇంకోసారి." చూసింది. "ఇంకోసారి." మూడోసారి వెనక్కి జారగిలబడింది.

"తగిలిందే."

అమ్మ చాలాసేపు తన అరచేతిని చూసుకుంది, బ్యాటు పట్టుకునే చేతిని. "తగల్లేదని నేను అబద్ధం చెప్పలేదే. నాకు నిజంగా అలాగే కనబడింది" అంది. "తెలుసమ్మా" అంది శుభ్రమ్మ.

"దీనికి ముందుది వెయ్యి. ఆ పాయింటు మొదటినుంచి."

శుభ్రమ్మ వేసింది. బూడిదరంగు చెత్త మధ్య తెల్లగీత పోతోంది, వస్తోంది. పోతోంది, వస్తోంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి. "ఇది ఎదురుదెబ్బ... ఇది మూలకి... ఇక్కడ నేను దాదాపు పడిపోయాను, చూడు, ఇది ఎలా తీశానో ఇప్పటికీ తెలీదు..." మనుషులే లేని తెర మీద ఆమెకు మనుషులంతా కనబడుతున్నారు. ఆ ఒక్క పాయింటు ఎంతకీ అయిపోలేదు. అయిపోయేసరికి అమ్మ కళ్లు తడిగా ఉన్నాయి.

శుభ్రమ్మ మెల్లగా అడిగింది. "అమ్మా, శుభ్రం చేసిందే ఉంచమంటావా? దాంట్లో బంతి లేదు కాబట్టి నువ్వు ఓడిపోలేదు. నాన్న కోరిక కూడా అదే."

"బంతి పెట్టు."

"అత్తయ్య ఊరుకోదమ్మా. చచ్చేదాకా అంటుంది."

"అననీ. ఇప్పుడు మాత్రం అనట్లేదా?" అమ్మ లేచి చీర సర్దుకుంది. "బంతి లేకపోతే నేను పిచ్చిదానిలా చేతులు విసిరినట్టు ఉంది. ఓడిపోతే ఓడిపోయాను. ఆడానని కనబడాలి కదే."

ఆ మాట విన్నాక శుభ్రమ్మ చేసిన పని అంతకుముందు ఎప్పుడూ చెయ్యనిది. తెలుపు మీది టిక్కు తీసేసి, యంత్రానికి నల్లవాటిని మాత్రమే అప్పగించింది. బంతి పోయే దారి పొడుగునా, ప్రతి ఫొటోలోనూ, ఎవరూ ముట్టుకోకుండా చేత్తో హద్దు గీసింది. ఆ హద్దు లోపల కొన్ని నిజమైన దుమ్ముచుక్కలు కూడా ఉండిపోయాయి. బంతికి ఆనుకుని ఉన్నవాటిని తీయబోతే బంతికే గాటు పడుతోంది. చెయ్యి ఎంత దురద పెట్టినా తీయలేదు. ఆ పక్కగా వెళ్తూ మావయ్య తెరను చూసి, ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశాడు.

మళ్లీ ఆదివారం, మళ్లీ కుర్చీలు. నాన్న తలుపు పక్కన, అవసరమైతే పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. అత్తయ్య కప్పును ఒళ్లో పెట్టుకుంది. ఈసారి తెర మీద హాలు కాస్త మురికిగా ఉంది, బల్ల చుట్టూ చుక్కలు అక్కడక్కడా మిణుకుమంటున్నాయి. కానీ బంతి ఉంది. తెల్లగా, పొగరుగా, అటూ ఇటూ పోతూ.

ఆఖరి పాయింటు మొదలైంది. ఎవరూ నవ్వలేదు. బంతి పోయింది, వచ్చింది, మూలకు పోయింది. అమ్మ పడబోయి, నేలను తాకబోయే బంతిని లేపి బల్ల అవతల పడేసింది. గదిలో ఎవరో "అబ్బ!" అన్నారు. మళ్లీ లేపింది. మళ్లీ. చివరికి బంతి అంచుకు తగిలి పక్కకు ఎగిరింది. ఆ పిల్ల చాచిన చేతికి వేలెడు దూరంలోంచి పోయింది.

అమ్మ సూటిగా ముందుకు చూస్తూ కూర్చుంది. "తగిలింది" అంది, అందరికీ వినబడేలా. శుభ్రమ్మ అత్తయ్య వైపు చూసింది. ఇక ఆ ఉప్పూ, ఆ అంచూ జన్మంతా తప్పవనుకుంది.

అత్తయ్య కప్పును కిందపెట్టింది. తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు.

"మళ్లీ వెయ్యవే."

"తగిలింది చూశారు కదా వదినా, ఇంకా ఎందుకు?" అంది అమ్మ.

"తగిలింది నాకు తెలుసులే. అది కాదు. ఆ మూలది వెయ్యమంటున్నా, నువ్వు పడబోయి తీసింది." అత్తయ్య అమ్మ వైపు తిరిగింది. "ఒసేయ్, ఎలా తీశావే దాన్ని? గెలిచిన సంబరంలో పడి నేను చూసుకోనే లేదు."

"నువ్వు అంత గట్టిగా కొడితే తియ్యకేం చెయ్యనే?" అంది అమ్మ.

అన్నాక గానీ తాను ఏమని పిలిచిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా సర్దుకోలేదు. అత్తయ్య కుర్చీని జరుపుకుని పక్కకు వచ్చింది. తలుపు దగ్గర నాన్న మెల్లగా ఊపిరి వదిలాడు.

శుభ్రమ్మ వెనక్కి తిప్పి, ఆ పాయింటు మళ్లీ మొదటినుంచి వేసింది.